ప్రమాదం ముందు, వివరణ తరువాత
ఒక ఉపసంహరణ ప్రకటనను తిరిగి వ్రాసి చూస్తే

కర్మాగారం నుండి వెలువడి ఇంటింటికీ చేరిన వస్తువులో లోపమున్నదని ఆలస్యంగా బయటపడినప్పుడు, తయారీదారు చేతిలో మిగిలే సాధనం ఒక్కటే: ప్రకటన. వాడుకలో దీనిని రీకాల్ నోటీసు అంటున్నాము. లోపాన్ని కనుగొన్న ఇంజనీర్లు, దానిని ధ్రువీకరించిన ప్రయోగశాల, కొత్త వస్తువులను సిద్ధం చేసిన ఉత్పత్తి విభాగం, వీరందరి కృషి ఫలించాలంటే ఆ ప్రకటన చదివిన గృహిణి గాని, విద్యార్థి గాని, పింఛనుదారు గాని వెంటనే చేయవలసిన పని చేయాలి. చదివినవారు ఏమి చేయాలో తెలియక కాగితం మడిచి పక్కన పెడితే లోపమున్న వస్తువు ఆ ఇంట్లో అలాగే ఉండిపోతుంది.

ఇటువంటి ప్రకటనలు సాధారణంగా ఒకే వరుసలో సాగుతాయి. మొదట సంస్థ పేరు ప్రతిష్ఠలు, తరువాత వస్తువు నమూనా, తయారీ కాలం, ఆ తరువాత లోపం, చిట్టచివర వినియోగదారునికి విజ్ఞప్తి. వ్రాసేవారికి ఇది సహజమైన క్రమమే. పరిశోధన నివేదిక కూడా ఇదే క్రమంలో సాగుతుంది. కాని చదివేవారి అవసరం దీనికి సరిగా తలక్రిందులుగా ఉంటుంది. ఈ తేడాను ఒక వాస్తవ ఉదాహరణ ఆధారంగా పరిశీలిద్దాము.

2007 నాటి బ్యాటరీ వ్యవహారం

పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2007 ఆగస్టు 14న నోకియా సంస్థ తన బీఎల్-5సీ నమూనా బ్యాటరీ గురించి ఒక ప్రకటన విడుదల చేసింది. ఆ రోజులలో మన దేశంలో అత్యధికంగా వాడుకలో ఉన్న సెల్‌ఫోన్లలో అనేకం ఈ బ్యాటరీతోనే పనిచేసేవి. దీనిని నోకియా కోసం పలు సంస్థలు తయారుచేసేవి. అన్నీ కలిపి 30 కోట్లకు పైగా తయారయ్యాయి. వీటిలో జపానుకు చెందిన మత్సుషితా సంస్థ 2005 డిసెంబరు నుండి 2006 నవంబరు వరకు తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలకు మాత్రమే ఆ ప్రకటన వర్తించింది.

లోపం స్వభావం ఇది. లిథియం అయాన్ బ్యాటరీలో ధన, ఋణ ఫలకాల మధ్య ఒక పలుచని పొర అడ్డుగా ఉంటుంది. ఏ కారణం చేతనైనా ఆ రెండు ఫలకాలు కలిసిపోతే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి, నిల్వ ఉన్న శక్తి అంతా ఒక్కచోట వేడిగా మారుతుంది. ఆ వేడికి లోపలి ద్రావకం ఆవిరై బ్యాటరీ ఉబ్బుతుంది. ఈ బ్యాటరీల విషయంలో ఛార్జింగ్ సమయంలో షార్ట్ సర్క్యూట్ ఏర్పడి, అవి విపరీతంగా వేడెక్కి, ఫోనులో తమ స్థానం నుండి ఊడి రావచ్చునని సంస్థ గుర్తించింది. అటువంటి ఘటనలు అప్పటికి ప్రపంచం మొత్తం మీద సుమారు 100 నమోదయ్యాయి. తీవ్రమైన గాయాలేవీ నమోదు కాలేదు.

ఆ ప్రకటనకు పెట్టిన పేరు రీకాల్ కాదు, ఉత్పత్తి సూచన. ఘటనలు చాలా అరుదని చెబుతూనే, కోరుకున్నవారికి బ్యాటరీ ఉచితంగా మార్చి ఇస్తామన్నారు. ఛార్జింగ్ సమయంలో ఫోనును గమనిస్తూ ఉండవచ్చునని సలహా ఇచ్చారు. వాస్తవాలను దాచలేదు, సంస్థ తానుగా ముందుకు వచ్చి చెప్పింది. అయినా మన దేశంలో ఎంతో కలవరం రేగింది. జనం సేవా కేంద్రాల వద్ద బారులు తీరారు. జేబులో ఉన్న ఫోను పేలుతుందేమోనని భయపడినవారు కొందరైతే, అసలు తమ ఫోనుకు ఏమీ కాదని పట్టించుకోనివారు మరికొందరు. ప్రమాదం ఛార్జింగ్ సమయానికి మాత్రమే సంబంధించినదన్న ఒక్క విషయం మొదటి వాక్యంలో అందరికీ చేరి ఉంటే, ఈ రెండు పొరపాట్లూ చాలావరకు తగ్గి ఉండేవని నా అభిప్రాయం.

తెలుగులో వచ్చే నమూనా

ఇవే వాస్తవాలను మన పత్రికలలో కనిపించే ప్రకటనల శైలిలో కూర్చితే ఎలా ఉంటుందో చూద్దాము. ఈ దిగువ పాఠం నోకియా వారి మాటలకు అనువాదం కాదు. పోల్చి చూపేందుకు నేను వ్రాసినది.

*వినియోగదారులకు ఉత్పత్తి సూచన*

*నాణ్యతా ప్రమాణాలకు అత్యున్నత ప్రాధాన్యమిచ్చే మా సంస్థ, జపాన్ దేశానికి చెందిన మత్సుషితా బ్యాటరీ ఇండస్ట్రియల్ కంపెనీ వారిచే 2005 డిసెంబరు నుండి 2006 నవంబరు వరకు తయారు చేయబడిన బీఎల్-5సీ నమూనా బ్యాటరీలలో, అత్యంత అరుదైన సందర్భాలలో, ఛార్జింగు సమయమున షార్టు సర్క్యూటు కారణముగా అధిక ఉష్ణము జనించి బ్యాటరీ తన స్థానము నుండి తొలగుటకు అవకాశము కలదని గుర్తించినది. తీవ్ర గాయములు సంభవించినట్లు ఇంతవరకు సమాచారము లేదు. సదరు బ్యాటరీలు కలిగిన వినియోగదారులు ఛార్జింగు సమయమున తమ ఫోనును గమనించుచుండవలసినదిగాను, కోరుకొనిన యెడల ఉచిత మార్పిడి కొరకు మా సేవా కేంద్రములను సంప్రదించవలసినదిగాను కోరడమైనది.*

ఇందులో వ్యాకరణ దోషం లేదు, అసత్యం లేదు. కాని మొదటి వాక్యంలో 44 మాటలున్నాయి. వేడిని తెలిపే మాట 35వది. అంతవరకు చదివినవానికి ఇది వాణిజ్య ప్రకటనో, హెచ్చరికో తెలియదు.

ఇక్కడ మన భాష నిర్మాణాన్ని కూడా గమనించాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. చేయమనడం, వద్దనడం రెండూ ఆ చివరి మాటలోనే ఉంటాయి. కనుక ఇంగ్లీషు ప్రకటనను వాక్యానికి వాక్యంగా తెలుగులోకి మార్చితే, అక్కడ వాక్యం మొదట ఉన్న 'ఆపండి' అన్న మాట ఇక్కడ వాక్యం చివరికి జారిపోతుంది. వాక్యం ఎంత పొడుగైతే, చేయవలసిన పని అంత దూరం జరుగుతుంది. దీనికి విరుగుడు క్రియను బలవంతంగా ముందుకు లాగడం కాదు. వాక్యాన్ని చిన్నది చేయడమే. 'ఈ ఫోనును ఛార్జింగ్ పెట్టవద్దు' అన్నప్పుడు క్రియ చివరనే ఉన్నది, అయినా నాలుగవ మాటకే పని తెలిసిపోయింది.

రెండవ చిక్కు సందేహార్థకాలది. 'వేడెక్కవచ్చు' అన్న క్రియలో 'వచ్చు' అన్నదే సంభావ్యతను తెలుపుతున్నది. తప్పక వేడెక్కుతుందని ఆ మాటకు అర్థం రాదు. దానికి ముందు 'అత్యంత అరుదైన సందర్భాలలో' అని, తరువాత 'అవకాశము కలదు' అని చేర్చితే, జాగ్రత్తను మూడుసార్లు చెప్పి ప్రమాదాన్ని ఒక్కసారి కూడా చెప్పనట్లవుతుంది. 'కోరుకొనిన యెడల' అన్నది మరీ చిక్కైన మాట. చదివినవాడు నిర్ణయాన్ని తనకే వదిలారని, అంటే పెద్ద ప్రమాదం లేదని అనుకుంటాడు.

మూడవది, వస్తువును గుర్తించే పద్ధతి. మత్సుషితా అన్న పేరు, తయారీ నెల, ఇవి కర్మాగారం దస్త్రాలలో ముఖ్యమైన వివరాలు. ఇంట్లో కూర్చున్నవానికి అవి ఉపయోగపడవు. అతనికి కనిపించేవి రెండే: బ్యాటరీ ముందువైపున నమూనా పేరు, వెనుకవైపున 26 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య. ఆ సంఖ్యను బట్టి తమ బ్యాటరీ జాబితాలో ఉన్నదో లేదో సంస్థ నుండి తెలుసుకోవలసి ఉండేది. కనుక ప్రకటన చెప్పవలసినది చేతికి, కంటికి అందే గుర్తులనే.

తిరిగి వ్రాసిన పాఠం

పై మూడు విషయాలనూ దృష్టిలో పెట్టుకొని అదే ప్రకటనను తిరిగి వ్రాస్తే ఇలా ఉంటుంది.

*ప్రమాద హెచ్చరిక: బ్యాటరీ రీకాల్*

*మీ నోకియా ఫోనులో బీఎల్-5సీ బ్యాటరీ ఉన్నదా? నంబరు సరిచూసుకునేవరకు ఛార్జింగ్ పెట్టవద్దు.*

*ప్రమాదం: ఛార్జింగ్ సమయంలో ఈ బ్యాటరీ విపరీతంగా వేడెక్కవచ్చు. ఫోనులో నుండి ఊడి బయటికి రావచ్చు.*

*ఇప్పుడు చేయవలసినది:*

*1. ఫోను ఛార్జింగ్‌లో ఉంటే గోడ మీది స్విచ్ ఆపండి. వేడిగా ఉంటే చల్లారేవరకు ముట్టుకోవద్దు.*

*2. ఫోను ఆపి, వెనుక మూత తీసి బ్యాటరీని చూడండి. దానిమీద బీఎల్-5సీ అని లేకపోతే ఈ హెచ్చరిక మీకు వర్తించదు.*

*3. బీఎల్-5సీ అని ఉంటే, వెనుకవైపున ఉన్న 26 అక్షరాల గుర్తింపు సంఖ్యను కాగితం మీద వ్రాసుకోండి. బ్యాటరీని తిరిగి అమర్చి, ఛార్జింగ్ పెట్టకుండానే మాకు ఫోను చేయండి. లేదా వేరొక ఫోను నుండి చేయండి.*

*4. మీ బ్యాటరీ జాబితాలో ఉన్నదని మేము చెబితే, దానిని ఇక ఎన్నడూ ఛార్జింగ్ పెట్టవద్దు. సేవా కేంద్రానికి తెచ్చి ఇవ్వండి. కొత్త బ్యాటరీ ఉచితంగా ఇస్తాము. బిల్లు అవసరం లేదు.*

*ఇతర వివరాలు: 2005 డిసెంబరు నుండి 2006 నవంబరు వరకు మత్సుషితా సంస్థ తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలకు ఇది వర్తిస్తుంది. ఇటువంటి ఘటనలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 100 నమోదయ్యాయి.*

దీనికింద సంప్రదించవలసిన నంబరు, పక్కన బ్యాటరీ ఫొటో ఉండాలి. ఫొటోలో నమూనా పేరు, గుర్తింపు సంఖ్య ఉన్న చోట్లకు బాణం గుర్తులు వేయాలి. బ్యాటరీ మీద ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది గనుక ప్రకటనలోనూ అదే రూపంలో అచ్చువేయాలి. ఇంగ్లీషు రానివారు కూడా రెండు ఆకారాలను పోల్చి చూసుకోగలరు. 'బిల్లు అవసరం లేదు' అన్న మాట కూడా ఊరికే చేర్చినది కాదు. రెండేళ్ళ క్రితం కొన్న వస్తువుకు రసీదు ఎవరి వద్దా ఉండదు. అది అడుగుతారేమోనన్న సంకోచంతో ఆగిపోయేవారు చాలామంది.

మూడవ సూచనను ప్రత్యేకంగా గమనించగోరుతాను. ఫోను ఆపమని, బ్యాటరీ తీయమని, మాకు ఫోను చేయమని వరుసగా చెప్పడం వ్రాత బల్ల ముందు సులభమే. ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే అయితే బ్యాటరీ లేకుండా ఫోను ఎలా చేయాలి? ప్రమాదం ఛార్జింగ్‌తోనే ముడిపడి ఉన్నది గనుక, మిగిలి ఉన్న ఛార్జీతో ఒక్కసారి మాట్లాడవచ్చు. ఈ వెసులుబాటు ఇవ్వదగినదా కాదా అన్నది ప్రచార విభాగం తేల్చగలిగినది కాదు, లోపాన్ని పరీక్షించిన ఇంజనీరు తేల్చవలసినది. 'వాడవద్దు' అనాలా, 'ఛార్జింగ్ పెట్టవద్దు' అంటే చాలునా అన్న ప్రశ్నకు కూడా సమాధానం ఆయన వద్దనే ఉన్నది. అవసరానికి మించి నిషేధిస్తే జనం దానిని పాటించరు. తక్కువగా నిషేధిస్తే ప్రమాదం మిగిలిపోతుంది.

ఒక పరిమితి

ఈ పాఠంలో ఒక సాహసం ఉన్నది. లోపమున్నవి 4 కోట్ల 60 లక్షలు. కాని మొదటి వాక్యం బీఎల్-5సీ ఉన్నవారందరినీ, అంటే అంతకు ఎన్నో రెట్ల మందిని, కొద్దిసేపు ఆగమంటున్నది. నంబరు సరిచూడడం కొన్ని నిమిషాలలో ముగిస్తే ఇది న్యాయమే. ఫోను ఎత్తేవారు లేక రెండు రోజులు పడితే, రెండవ రోజు రాత్రికి అందరూ ఛార్జింగ్ పెట్టేస్తారు. హెచ్చరిక మీద నమ్మకం కూడా పోతుంది. కనుక ఆ వాక్యం వ్రాసే ముందు, వచ్చే కాల్స్‌కు సమాధానం చెప్పే సిబ్బంది సరిపడా ఉన్నారా అని విచారించాలి. లేకపోతే సత్యమైన, పాటించదగిన మరొక వాక్యం వ్రాయాలి: 'నంబరు సరిచూసుకునేవరకు మీరు మేలుకొని దగ్గర ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి. మంచం మీద, దిండు పక్కన, చంటిపిల్లలకు అందేచోట పెట్టవద్దు.' ఇది మొదటిదాని కంటె బలహీనమైన రక్షణ. అయినా 'ఫోనును గమనించుచుండవలసినది' అన్నదానికంటె మేలు, ఎందుకంటే ఎలా గమనించాలో చెబుతున్నది.

చట్టం చెబుతున్నది

ఈ క్రమాన్ని ఇప్పుడు కొన్ని దేశాలు చట్టంలోనే చేర్చాయి. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంఘం విడుదల చేసే రీకాల్ ప్రకటనలలో వస్తువు పేరు, ప్రమాదం, పరిహారం అన్న అంశాలు పైభాగంలోనే విడివిడిగా కనిపిస్తాయి. సుదీర్ఘ వర్ణన తరువాత వస్తుంది.

ఐరోపా సమాఖ్య మరింత ముందుకు వెళ్ళింది. 2023లో ఆమోదించి, 2024 డిసెంబరు 13 నుండి అమలులోకి తెచ్చిన సాధారణ ఉత్పత్తి భద్రతా నిబంధనలలోని 36వ అధికరణం రీకాల్ ప్రకటన రూపాన్ని నిర్దేశిస్తున్నది. శీర్షికలోనే ఇది భద్రత కోసం చేస్తున్న రీకాల్ అని ఉండాలి. వస్తువు ఫొటో, ప్రమాదం, చేయవలసిన పని స్పష్టంగా ఉండాలి. వెంటనే వాడకం ఆపమన్న సూచన కూడా అందులో భాగమే. అన్నింటికంటె ఆసక్తికరమైనది నిషిద్ధ పదాల సంగతి. ప్రమాదాన్ని తక్కువగా తోపింపజేసే 'స్వచ్ఛందంగా', 'ముందుజాగ్రత్తగా', 'అరుదైన సందర్భాలలో' వంటి మాటలు వాడకూడదు. ఇంతవరకు ప్రమాదాలేవీ నమోదు కాలేదన్న వాక్యం కూడా ఉండకూడదు. మనం పైన చూసిన మొదటి పాఠాన్ని ఈ నిబంధనతో పోల్చితే దాదాపు ప్రతి వాక్యమూ దిద్దుబాటుకు వస్తుంది.

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 20వ సెక్షను, ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించమని ఆదేశించే అధికారాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ఆదేశం వచ్చాక ప్రకటనలోని ప్రతి మాటనూ తూచి వ్రాయవలసిన బాధ్యత మాత్రం వ్రాసేవారిదే.

కార్యాలయంలో వచ్చే అభ్యంతరాలు

ముసాయిదా వివిధ విభాగాల బల్లల మీదుగా తిరుగుతున్నప్పుడు రెండు అభ్యంతరాలు తప్పక వస్తాయి. మొదటిది న్యాయ విభాగానిది: ప్రమాదాన్ని ఇంత సూటిగా చెబితే తప్పు ఒప్పుకున్నట్లు కాదా? పై పాఠంలో తప్పు ఎవరిదన్న ప్రస్తావనే లేదు. ఏమి జరగవచ్చునో మాత్రమే ఉన్నది. కారణం గురించి, బాధ్యత గురించి చెప్పవలసినది ఏదైనా ఉంటే అది 'ఇతర వివరాలు' అన్న భాగంలో చేరవచ్చు.

రెండవది ప్రచార విభాగానిది: ఘటనలు సుమారు 4 లక్షల 60 వేలకు ఒకటి చొప్పున మాత్రమే జరిగాయి, ఆ మాట ముందు చెప్పకపోతే జనం బెదిరిపోరా? ఆ సంఖ్య నిజమే, కాని అది నమోదైన ఘటనల లెక్క. నమోదు కానివి ఎన్నో ఎవరికీ తెలియదు. పైగా ఇంట్లో ఉన్న ఒక్క బ్యాటరీ మంచిదో కాదో ఆ సంఖ్య చెప్పదు. వెనుకవైపున ఉన్న గుర్తింపు సంఖ్య చెబుతుంది. చేతిలో పని ఉన్నవానికి భయం తగ్గుతుంది. ఏమి చేయాలో తెలియనివానికి ఎన్ని అంకెలు చెప్పినా తగ్గదు.

వ్రాసిన తరువాత పరీక్ష

ప్రకటన సరిగా కుదిరిందో లేదో తెలుసుకునే మార్గం సులభమైనది. ఆ విభాగంతో సంబంధం లేని ఒకరిని, క్యాంటీన్ సిబ్బందినో, ఇంట్లోని పెద్దలనో కూర్చోబెట్టి ప్రకటనను ఒక్కసారి బిగ్గరగా చదివి వినిపించాలి. కాగితం చేతికి ఇవ్వరాదు. మన ఇళ్ళలో ఒకరు పేపరు చదువుతుంటే మిగిలినవారు వినడం మామూలే. వినేవారు కంటితో చదివేవారివలె కింది వరుసకు దూకలేరు, కనుక మాటల క్రమం వారికి మరింత ముఖ్యం. మొదటి నాలుగు వాక్యాల తరువాత ఆపి మూడు ప్రశ్నలు అడగాలి. ఏ వస్తువు? ఏమి కావచ్చు? ఇప్పుడు మీరు ఏమి చేస్తారు? మూడింటికీ సమాధానం వస్తే పాఠం కుదిరినట్లే. మొదటి రెండింటికి వచ్చి మూడవదానికి 'ఏమో, కంపెనీవాళ్ళని అడగాలి' అని వస్తే, పని చెప్పే వాక్యం ఇంకా ఎక్కడో కింద దాగి ఉన్నదని అర్థం.

పాత పద్ధతిలో వ్రాసిన ప్రకటనలు ఇక ముందు కూడా మన కంటబడుతూనే ఉంటాయి. గ్యాస్ రెగ్యులేటరు, ప్రెషర్ కుక్కరు, వాటర్ హీటరు, పిల్లల బొమ్మ, ఏ వస్తువు గురించి అయినా 'ఉత్పత్తి సూచన', 'వినియోగదారులకు గమనిక' అన్న శీర్షిక కనిపిస్తే పాఠకులు చివరి వాక్యం నుండి వెనక్కి చదవడం మంచిది. క్రియ అక్కడ ఉంటుంది. ఆపమన్నారా, మార్చుకొమ్మన్నారా, సంప్రదించమన్నారా అన్నది ముందు తేల్చుకొని, తరువాత నమూనా సంఖ్య చూసి, ఆ వస్తువును చేతిలోకి తీసుకొని పోల్చుకోవాలి. సంఖ్య కలిస్తే, 'అరుదైన సందర్భాలలో' అన్న మాట అక్కడ ఎన్నిసార్లు ఉన్నా లెక్కచేయక, వాడకం ఆపి ఆ నంబరుకు ఫోను చేయాలి.